రెండు తప్పు జవాబుల మొత్తం

xˣ అని కాగితం మీద రాసి, దీని అవకలజం ఎంత అని అడిగితే ఇంటర్మీడియట్ విద్యార్థుల నుంచి తరచూ రెండు జవాబులు వస్తాయి. ఒకరు ఘాతాంకాన్ని కిందికి దించి, పైన ఒకటి తగ్గించి x·xˣ⁻¹ అని రాస్తారు. కుదిస్తే అది xˣ. ఇంకొకరు xˣ ln x అని రాస్తారు. ఇద్దరూ వాడింది పాఠ్యపుస్తకంలో ఉన్న సూత్రమే. ఇద్దరి జవాబూ తప్పే. కానీ ఆ రెంటినీ కూడి xˣ + xˣ ln x అని రాస్తే అదే సరైన జవాబు!

ఇది కాకతాళీయంగా కుదిరింది కాదు. ఒక్కొక్కరూ సగం నిజాన్ని పట్టుకుని, మిగతా సగాన్ని వదిలేశారు. ఆ సగాలు ఎక్కడివో, అవి ఎందుకు కూడికగా కలుస్తాయో తెలిస్తే ఘాతాంకంలో చరరాశి ఉన్న ఏ ప్రమేయాన్నైనా అవకలనం చేయవచ్చు.

ముందుగా అవకలజం సంగతి. x కాస్త కదిలినప్పుడు y ఎంత కదులుతుంది? y కదలికను x కదలికతో భాగించి, ఆ కదలికను సున్నాకు చేరువ చేస్తూ పోతే వచ్చే విలువే అవకలజం. గ్రాఫు గీస్తే ఆ బిందువు దగ్గర స్పర్శరేఖ వాలు అదే.

ఇప్పుడు x⁵, 5ˣ అనే రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. రాతలో అవి కవలల్లా కనిపిస్తాయి గానీ నడకలో పోలికే లేదు. x⁵లో కదిలేది కింది సంఖ్య. x 10 నుంచి 11కు వెళితే x⁵ లక్ష నుంచి 1,61,051కి చేరుతుంది, అంటే 61 శాతం పెరుగుదల. అదే 100 నుంచి 101కి వెళితే పెరుగుదల దాదాపు 5.1 శాతమే. ముందుకు పోయే కొద్దీ శాతంలో వేగం తగ్గిపోతోంది. 5ˣలో కదిలేది పైనున్న సంఖ్య. అక్కడ x 10 నుంచి 11కు వెళ్లినా, 100 నుంచి 101కి వెళ్లినా విలువ సరిగ్గా ఐదింతలవుతుంది. శాతంలో చూస్తే దాని వేగం ఎప్పటికీ మారదు. x⁵కు అవకలజం 5x⁴ అని చెప్పే సూత్రం ఘాతాంకం కదలదన్న షరతు మీద నిలబడింది. ఆ షరతు లేని 5ˣకు దాన్ని వాడి x·5ˣ⁻¹ అని రాస్తే ఆ జవాబుకు ఆధారమే లేదు.

మరి ఘాతాంకం కదిలే ప్రమేయానికి వాలు ఎలా కట్టాలి? 2ˣతో మొదలుపెట్టవచ్చు. x కు h అనే చిన్న మొత్తం కలిపితే 2ˣ కాస్తా 2ˣ × 2ʰ అవుతుంది. పెరిగింది 2ˣ × (2ʰ − 1). దాన్ని h తో భాగిస్తే 2ˣ అలాగే ఉంటుంది, దాని పక్కన (2ʰ − 1)/h మిగులుతుంది. ఈ మిగిలినదానిలో x లేదు. అది వట్టి సంఖ్య. h = 0.001 అని పెడితే 0.6934 వస్తుంది. h ను ఇంకా తగ్గిస్తే 0.6931 దగ్గర నిలుస్తుంది. అంటే 2ˣ వాలు ఎక్కడ చూసినా ఆ చోటి ఎత్తుకు 0.6931 రెట్లు. రెండుకు బదులు మూడు పెట్టి లెక్కిస్తే ఆ సంఖ్య 1.0986.

రెండుకు ఒకటి కంటే తక్కువ, మూడుకు ఒకటి కంటే ఎక్కువ. కాబట్టి ఆ రెంటి మధ్య ఎక్కడో సరిగ్గా ఒకటి వచ్చే ఆధారం ఉండాలి. అదే 2.71828..., అంటే e. ఆ ఆధారంతో eˣ వాలు eˣ కే సమానం. ఈ సంఖ్య మొదట బయటపడింది వడ్డీ లెక్కలో. 1683లో స్విట్జర్లాండ్ గణితజ్ఞుడు జేకబ్ బెర్నూలీ, ఏడాదికి నూటికి నూరు వడ్డీ ఉన్న అప్పుకు చక్రవడ్డీని మరింత తరచుగా కడుతూ పోతే ఏమవుతుందని ఆలోచించాడు. ఏడాదికి ఒకసారి కడితే రూపాయి రెండు రూపాయలవుతుంది. నెలనెలా కడితే 2.613, రోజూ కడితే 2.7146. ఎంత తరచుగా కట్టినా e ని మాత్రం దాటదు. దానికి e అనే అక్షరం పెట్టినవాడు ఆయిలర్. 1731లో గోల్డ్‌బాఖ్‌కు రాసిన ఉత్తరంలోనే ఆ అక్షరం కనిపిస్తుంది.

2కు వచ్చిన 0.6931, 3కు వచ్చిన 1.0986 ఏమిటంటే, e ని ఎంత ఘాతానికి పెంచితే 2 వస్తుందో, ఎంత ఘాతానికి పెంచితే 3 వస్తుందో ఆ సంఖ్యలు. అంటే ln 2, ln 3. ln అంటే e ఆధారంగా తీసిన సహజ సంవర్గమానం. అందుకే aˣ అవకలజం aˣ ln a.

దీన్ని తెలుగు పల్లెల వడ్డీ భాషలోకి తెచ్చి చూడవచ్చు. రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు రూపాయలు. తీర్చకుండా, నెలనెలా వడ్డీని అసలులో కలుపుతూ పోతే లక్ష రూపాయల అప్పు n నెలల తర్వాత 1,00,000 × 1.02ⁿ అవుతుంది. ఇక్కడ ln 1.02 = 0.0198. అప్పు నిరంతరంగా పెరుగుతోందని ఊహిస్తే మొదటి క్షణంలో దాని వేగం నెలకు 1,980 రూపాయలు. మరి నెల తిరిగేసరికి పెరిగింది 2,000 కదా, మిగతా 20 ఎక్కడివి? నెల గడిచే కొద్దీ ఆ వేగమూ పెరుగుతుంది. నెలాఖరుకు అది 2,020 చేరువకు వస్తుంది. 1,980కీ 2,020కీ నడుమ సగటున 2,000. అప్పు రెట్టింపు కావడానికి పట్టే కాలం ln 2 ÷ ln 1.02, అంటే 35 నెలలు. బారువడ్డీ అయితే 50 నెలలు పట్టేది.

ఇక సంవర్గమానం అవకలజం. y = ln x అంటే eʸ = x అనే. y కాస్త కదిలితే eʸ దానికి eʸ రెట్లు, అంటే x రెట్లు కదులుతుందని తెలిసిందే. దీన్నే తిప్పి చదివితే, x కాస్త కదిలినప్పుడు y అందులో 1/x వంతు కదులుతుంది. కనుక ln x అవకలజం 1/x. లెక్కతో సరిచూసుకోవచ్చు. ln 100 = 4.60517, ln 101 = 4.61512. తేడా 0.00995, దాదాపు నూరో వంతు.

ఈ నూరో వంతు దగ్గర కాస్త ఆగాలి. నూరు నూటొకటి కావడమంటే ఒక శాతం పెరగడం. వెయ్యి వెయ్యిన్నీ పది అయినా ఒక శాతమే. ln రెండు చోట్లా ఒకే మేర కదులుతుంది. అంటే సంవర్గమానం కొలిచేది మొత్తాన్ని కాదు, నిష్పత్తిని. అందుకే ఏ y కైనా ln y ని అవకలనం చేస్తే y′/y వస్తుంది. y ఎంత వేగంగా మారుతోందో దాన్ని y తోనే భాగించిన విలువ అది. వ్యవహారంలో శాతం అని మనం చెప్పుకునేది అదే. సంవర్గమాన అవకలనం అనే పద్ధతికి గుండెకాయ ఈ చిన్న నిష్పత్తి.

పద్ధతిలో రెండో భాగం అంతకంటే పాతది. 1614లో స్కాట్లాండ్‌కు చెందిన జాన్ నేపియర్ సంవర్గమానాల పట్టికలు అచ్చు వేయించింది గుణకారాలను కూడికలుగా మార్చడానికి. క్లార్క్స్ టేబుల్స్ పుస్తకం పట్టుకుని లెక్కలు చేసిన తరాలకు ఇది చేతి అలవాటు: గుణించాల్సి వస్తే లాగ్‌లు కూడు, ఘాతానికి పెంచాల్సి వస్తే లాగ్‌ను గుణించు. క్యాలిక్యులేటర్ వచ్చాక ఆ పట్టికలు మూలనపడ్డాయి గానీ ఆ గుణం మాత్రం కలనగణితంలో అలాగే పనిచేస్తోంది. ln(xˣ) = x ln x. నెత్తిమీద కూర్చున్న x కిందికి దిగి మామూలు గుణకమై నిలబడుతుంది. అక్కడ దాన్ని అవకలనం చేయడానికి లబ్ధ సూత్రం చాలు.

ఇప్పుడు xˣ. y = xˣ అనుకుని రెండు వైపులా సంవర్గమానం తీస్తే ln y = x ln x. రెండు వైపులా అవకలనం చేయాలి. ఎడమవైపు y′/y. కుడివైపు లబ్ధ సూత్రంతో, మొదట x ను అవకలనం చేసి ln x ను అలాగే ఉంచితే ln x. తర్వాత x ను అలాగే ఉంచి ln x ను అవకలనం చేస్తే x × 1/x, అంటే 1. కనుక y′/y = 1 + ln x. చివరగా y తో గుణిస్తే

y′ = xˣ(1 + ln x)

ఈ చివరి గుణకారాన్ని మరిచిపోయి 1 + ln x దగ్గరే ఆగిపోయేవారు చాలామంది. అది శాతంలో వేగం మాత్రమే. అడిగింది అసలు వేగం.

నిజమో కాదో x = 2 దగ్గర చూద్దాం. 2² = 4. సూత్రం ప్రకారం వాలు 4 × (1 + 0.6931) = 6.773. ఇప్పుడు x ను 2.001 చేసి, 2.001ను 2.001 ఘాతానికి పెంచితే 4.006779 వస్తుంది. పెరిగింది 0.006779. దాన్ని 0.001తో భాగిస్తే 6.779. కదలికను ఇంకా చిన్నది చేస్తే 6.773కు చేరుతుంది. మొదట్లో ఇద్దరు విద్యార్థులూ చెప్పిన జవాబులు ఇదే చోట 4, 2.773. రెండూ దగ్గరకు కూడా రాలేదు. వాటి మొత్తం మాత్రం 6.773.

ఆ రెండు సగాలనూ విడివిడిగా కంటితో చూడవచ్చు. ఘాతాంకాన్ని 2 దగ్గరే బిగించి, కింది సంఖ్యను మాత్రం 2.001 చేస్తే విలువ 4.004001 అవుతుంది. పెరిగింది 0.004001. ఈసారి కింది సంఖ్యను 2 దగ్గర బిగించి, ఘాతాంకాన్ని మాత్రం 2.001 చేస్తే 4.002774. పెరిగింది 0.002774. రెంటినీ కూడితే 0.006775. రెండూ ఒకేసారి కదిలినప్పుడు వచ్చిన 0.006779కి ఇది దాదాపు సమానం. మిగిలిన ఆ పిసరంత తేడా ఒక కదలిక మీద రెండో కదలిక చూపిన ప్రభావం. కదలిక పదోవంతయితే ఆ తేడా సుమారు నూరో వంతుకు పడిపోతుంది కనుక అవధిలో అది మిగలదు. మొదటి విద్యార్థి పైనున్న x ను స్థిరాంకం అనుకుని లెక్క కట్టాడు. రెండోవాడు కిందున్న x ను స్థిరాంకం అనుకున్నాడు. x రెండు చోట్లా ఉంది గనుక రెండు ప్రభావాలూ కలవాలి.

ఇది xˣ ఒక్కదానికే వర్తించే సంగతి కాదు. కింద f, పైన g అనే ప్రమేయాలు ఏవి ఉన్నా, అదే దారిలో వెళితే y′/y = g·f′/f + g′ ln f వస్తుంది. g కదలనిదైతే రెండో పదం మాయమై పాత ఘాత సూత్రం మిగులుతుంది. f కదలనిదైతే మొదటి పదం మాయమై aˣ సూత్రం మిగులుతుంది. విడివిడిగా బట్టీ పట్టిన రెండు సూత్రాలూ ఈ ఒక్కదాని ముక్కలే.

చేతిలో క్యాలిక్యులేటర్ ఉన్నవారు పొరపడే చోటు ఒకటుంది. ఇంటర్ పుస్తకాల్లో కలనగణితం పాఠాల్లో log x అని రాస్తే అది e ఆధారంగా తీసిన సంవర్గమానమే. సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ మీద log మీట నొక్కితే వచ్చేది 10 ఆధారంగా. దానికి ln మీట వేరే ఉంటుంది. ఇది గమనించకుండా log 2 = 0.3010 అని వేసుకుంటే xˣ వాలు 2 దగ్గర 5.204 అని వస్తుంది. పైన చేసినట్టు 2.001తో సరిచూసుకుంటే ఈ తప్పు వెంటనే దొరికిపోతుంది. 10 ఆధారమే కావాలంటే అవకలజం 1/x కాదు, దానికి 0.4343 రెట్లు.

ఇంకో గుంట కూడికల దగ్గర ఉంది. xʸ + yˣ = aᵇ అయితే dy/dx ఎంత అనే లెక్క తెలుగు రాష్ట్రాల ఇంటర్ విద్యార్థులకు బాగా పరిచయమే. a, b స్థిరాంకాలు. పైన చరరాశి కనబడగానే రెండు వైపులా లాగ్ తీసి, y ln x + x ln y = b ln a అని రాసేస్తారు కొందరు. సంవర్గమానం గుణకారాన్ని కూడికగా విడదీస్తుంది, కూడికను మాత్రం దేనిగానూ విడదీయదు. 2 + 3 = 5, కానీ ln 2 + ln 3 అయ్యేది ln 6. ఇక్కడ చేయాల్సింది xʸ ను u అని, yˣ ను v అని విడిగా తీసుకుని, ఒక్కొక్కదానికే లాగ్ వాడడం. ln u = y ln x నుంచి u′ = xʸ(y/x + y′ ln x). ln v = x ln y నుంచి v′ = yˣ(ln y + x y′/y). కుడివైపు స్థిరాంకం గనుక u′ + v′ = 0. y′ ఉన్న పదాలను ఒక పక్కకు తెచ్చుకుంటే

y′ = −(y·xʸ⁻¹ + yˣ ln y) / (xʸ ln x + x·yˣ⁻¹)

ఈ జవాబును కాస్త నిదానంగా చూస్తే అందులో పాత ఘాత సూత్రం రెండుసార్లు, aˣ సూత్రం రెండుసార్లు కనిపిస్తాయి. లవంలో ఉన్నవి x కదలిక తెచ్చిన మార్పులు, హారంలో ఉన్నవి y కదలిక తెచ్చిన మార్పులు.

పద్ధతికి ఒక హద్దు కూడా ఉంది. వాస్తవ సంఖ్యల్లో రుణ సంఖ్యకు, సున్నాకు సంవర్గమానం లేదు. xˣ కు x ధనాత్మకంగా ఉండాలనే షరతు ముందే రాసుకోవాలి. ఊరికే పెట్టిన నియమం కాదిది. x = −½ అయితే అసలు xˣ విలువే వాస్తవ సంఖ్య కాదు.

x ధనాత్మకమైన ఆ ప్రాంతంలో xˣ గ్రాఫు నడక చూడదగ్గది. సున్నా దగ్గర అది ఒకటికి చేరువగా మొదలవుతుంది. 0.01 దగ్గర విలువ 0.955, 0.1 దగ్గర 0.794. పావు దగ్గరా, అర దగ్గరా విలువ ఒకటే, 0.7071. అంటే ఆ రెంటి మధ్య ఎక్కడో అడుగు తాకి మళ్లీ పైకి లేస్తోంది. ఎక్కడో చెప్పేది అవకలజమే. xˣ(1 + ln x) సున్నా కావాలంటే ln x = −1 కావాలి. x = 1/e, సుమారు 0.368. అక్కడ విలువ 0.6922. అక్కడి నుంచి వాలు ధనాత్మకమై, ఒకటి దగ్గర విలువ మళ్లీ ఒకటవుతుంది.

ఈ వంపు మీద మనసు పడినవాడు జేకబ్ తమ్ముడు జోహాన్ బెర్నూలీ. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో ఆచార్యుడిగా ఉండగా, 1697లో ఘాతాంకంలో చరరాశి ఉన్న ప్రమేయాల కలనగణితం మీద ఆయన ఒక వ్యాసం ప్రచురించాడు. వాలుతో ఆయన ఆగలేదు. సున్నా నుంచి ఒకటి వరకు ఆ వంపు కింద వైశాల్యం ఎంత అన్నది ఆయన ప్రశ్న. xˣ కు మామూలు ప్రమేయాలతో రాయగలిగే సమాకలని లేదు. అయినా ఆయన అదే కీలకాన్ని వాడాడు. xˣ ను e^(x ln x) అని రాసి, దాన్ని శ్రేణిగా విప్పి, ఒక్కొక్క పదాన్నీ సమాకలనం చేశాడు. చివరికి వచ్చింది ఇది:

1 − 1/2² + 1/3³ − 1/4⁴ + 1/5⁵ − ...

పెన్సిలు, కాగితం చాలు. మొదటి పదం 1. పావు తీసేస్తే 0.75. ఇరవై ఏడో వంతు కలిపితే 0.7870. 256వ వంతు తీసేస్తే 0.7831. 3,125వ వంతు కలిపితే 0.7835. ఆరో పదం తీసేసేసరికే వైశాల్యం 0.78343 అని అయిదు దశాంశాల వరకు తేలిపోతుంది.